ఒక పేరు మీద చేసిన తీర్మానం

(సారపాకలో చేసిన స్మారక ఉపన్యాసం పాఠం)



ఎవరి జ్ఞాపకార్థం మనం ఈ సాయంత్రం ఇక్కడ కూర్చున్నామో ఆ వకీలు గారు ఎన్నో ఏళ్లు పోడు కేసులు వాదించారు. ఆయన దగ్గర జూనియర్లుగా పనిచేసినవాళ్లు ఈ సభలో ఉన్నారు, వాళ్లకు ఆయన పద్ధతి తెలుసు. కేసు కట్ట చేతికి రాగానే ఆయన వాదనలు చదివేవారు కాదు. ముందు నోటీసు తీయించేవారు. అందులో కంపార్టుమెంటు నంబరు ఉందా, తేదీ ఉందా, ఎవరు ఏం చేశారని రాశారు, అసలు మనిషి పేరు రాశారా లేక గూడెం మొత్తాన్నీ కలిపి రాశారా అని చూసేవారు. సగం కేసు అక్కడే ఉందనేవారు. నేను ఈ రోజు మాట్లాడబోయే అంతర్జాతీయ చట్టం కూడా సరిగ్గా అదే ప్రశ్న అడుగుతుంది. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

ఆ చట్టం పేరు అన్ని రూపాల జాతి వివక్ష నిర్మూలనకు అంతర్జాతీయ ఒడంబడిక. ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ దాన్ని 1965 డిసెంబరు 21న ఆమోదించింది. మన భద్రాచలం వంతెన మీద రాకపోకలు మొదలైన ఏడాది కూడా అదే. భారతదేశం 1968 డిసెంబరులో దాన్ని ధ్రువీకరించింది. 1969 జనవరి 4 నుంచి అది అమల్లో ఉంది.

జాతి వివక్ష అనగానే మనకు దక్షిణాఫ్రికా గుర్తొస్తుంది, తెల్లవాళ్లూ నల్లవాళ్లూ గుర్తొస్తారు. మన అడవికీ దానికీ ఏం సంబంధం అనిపిస్తుంది. ఒడంబడిక మొదటి అధికరణం చదివితే ఆ దూరం పోతుంది. అది చెప్పేదాన్ని నా మాటల్లో చెబుతాను. జాతి, రంగు, పుట్టిన వంశం, జాతీయ మూలం, తెగ మూలం, వీటిలో దేని ఆధారంగానైనా ఒకరిని వేరు చేసినా, బయట పెట్టినా, ఆంక్ష పెట్టినా, ఇంకొకరికి ప్రాధాన్యం ఇచ్చినా, దాని ఉద్దేశం గానీ ఫలితం గానీ ఆ మనిషికి ఇతరులతో సమానంగా హక్కులు అందకుండా చేయడమైతే, ప్రజా జీవితంలో ఏ రంగంలో జరిగినా సరే, అది జాతి వివక్ష.

ఇందులో రక్తం ప్రసక్తి లేదని గమనించండి. అయిదు ఆధారాల్లో జాతి ఒకటి మాత్రమే. ఆ జాతి గురించి కూడా, ఒక జాతి ఇంకోదాని కన్నా గొప్పదనే సిద్ధాంతం శాస్త్రీయంగా అబద్ధమని ఒడంబడిక పీఠికలోనే రాసుకున్నారు. మనుషుల్లో జీవశాస్త్రపరంగా జాతులున్నాయా లేవా అన్న చర్చ తేలేదాకా ఈ చట్టం ఆగదు. ఎదుటివాణ్ణి వేరు చేసినవాడు ఏ ఆధారం మీద వేరు చేశాడన్నదే దానికి కావాలి. ఆ ఆధారం శాస్త్రం ముందు నిలబడకపోయినా వివక్ష మాత్రం జరిగినట్టే.

వంశం అన్న మాట అందులోకి ఎలా వచ్చిందో చెప్పాలి. మొదటి ముసాయిదాల్లో అది లేదు. 1965లో చర్చ జరుగుతున్నప్పుడు దాన్ని చేర్చమని అడిగిన దేశం మనదే. ముప్పై ఏళ్ల తర్వాత, 1996లో, ఒడంబడిక అమలును చూసే పద్దెనిమిది మంది నిపుణుల కమిటీ ముందు మన ప్రభుత్వం కులం ఈ నిర్వచనంలోకి రాదని వాదించింది. కమిటీ ఒప్పుకోలేదు. వంశం అంటే ఒక్క జాతి మాత్రమే కాదని, షెడ్యూల్డు కులాలు, తెగల పరిస్థితి ఈ ఒడంబడిక పరిధిలోకే వస్తుందని చెప్పింది. 2002లో విడుదల చేసిన 29వ సాధారణ సిఫారసులో కులాన్నీ, అలాంటి వారసత్వపు అంతస్తులనూ పేరుపెట్టి చేర్చింది. 2007లో మన ప్రతినిధులు మళ్లీ అదే వాదించారు, కమిటీ మళ్లీ అదే జవాబు చెప్పింది. ఆ భేదాభిప్రాయం అక్కడే ఉంది. కమిటీ వ్యాఖ్యానం మన కోర్టులను కట్టిపడేసేది కాదు. అయినా ఆ మాటను అడిగి చేర్పించుకున్న దేశమే దాని అర్థాన్ని కుదించమనడం నాకు మింగుడుపడదు.

తెగ మూలం అన్నదాన్ని ఇంగ్లండు కోర్టులు మనకన్నా ముందు పరీక్షించాల్సి వచ్చింది. తలపాగా తీయనన్న సిక్కు పిల్లవాణ్ణి ఒక బడి చేర్చుకోలేదు. సిక్కులకు వేరే రక్తం లేదు కదా అన్నది ఎదుటి వాదన. అక్కరలేదని 1983లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం చెప్పింది. దీర్ఘకాలపు ఉమ్మడి చరిత్ర, తమదైన సంస్కృతి ఉన్న సమూహమని తామూ అనుకుంటే, ఇతరులూ అనుకుంటే చాలు. 2014లో, బీహారు నుంచి ఇంటిపనికి తీసుకెళ్లిన ఒక ఆదివాసీ మహిళ కేసులో, కులం కారణంగా జరిగిన అవమానం కూడా తెగ మూలం కిందికి రావచ్చని అక్కడి ఉపాధి అప్పీలు ట్రిబ్యునలు అంది. ఇలాంటి కేసుల్లో ఎవరూ ఎవరి రక్తమూ పరీక్షించలేదు.

ఇక మన జిల్లాకు వద్దాం.

2005లో దంతేవాడ వైపు సల్వాజుడుం మొదలైంది. ఊళ్లు తగలబడ్డాయి. జనాన్ని శిబిరాలకు తోలారు. ఇటు మావోయిస్టులు, అటు జుడుం, మధ్యలో నలిగినవాళ్లు అడవి దాటి ఇటు వచ్చారు. అంతకుముందు కూడా మిరపకోతల కాలంలో ఖమ్మం వైపు రావడం వాళ్లకు అలవాటే, దారి తెలుసు. ఈసారి కోతలయ్యాక తిరిగి పోలేదు, పోవడానికి ఊరు లేదు. సల్వాజుడుం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జూలైలో తీర్పు చెప్పేనాటికి వాళ్ల గుడిసెలు ఇక్కడి రిజర్వు అడవుల్లో పాతబడ్డాయి. వాళ్లను మనం గుత్తికోయలంటున్నాం. వాళ్లలో చాలామంది తమను మురియాలమని చెప్పుకుంటారు. ఇక్కడి కోయలూ అక్కడి మురియాలూ గోండు కుటుంబంలోని వాళ్లే, భాషలు కూడా దగ్గరివి. ఒక గూడెం వాగుకు ఇటుంటే కోయ, అటుంటే గుత్తికోయ అన్నంత దగ్గర.

2022 నవంబరు 22న చండ్రుగొండ మండలం బెండాలపాడు పంచాయతీలోని ఎర్రబోడు దగ్గర ఫారెస్టు రేంజి అధికారి చలమల శ్రీనివాసరావు గారిని చంపేశారు. ప్లాంటేషన్ దగ్గర గొడవ అది. డ్యూటీలో ఉన్న మనిషిని అలా నరకడం ఘోరం. జిల్లా అంతా ఏడ్చింది, ఏడవాల్సిందే. ఇద్దరు గుత్తికోయలను పోలీసులు పట్టుకున్నారు, విచారణ జరిగింది, 2023 ఆగస్టులో కొత్తగూడెం జిల్లా కోర్టు వాళ్లకు జీవితఖైదు వేసింది. నేరానికి చట్టం చెప్పాల్సిన జవాబు అది, చెప్పింది.

కానీ హత్య జరిగిన కొద్ది రోజులకే, విచారణ ఇంకా మొదలు కాకముందే, బెండాలపాడులో గ్రామసభ పెట్టి ఒక తీర్మానం చేశారు. గుత్తికోయలను ఊరి పరిధి నుంచి ఖాళీ చేయించి ఛత్తీస్‌గఢ్‌కు పంపేయాలన్నది దాని సారాంశం. ఆ రోజుల్లో ఊళ్లో ఉన్న దుఃఖాన్నీ భయాన్నీ నేను తక్కువ చేయను. అయినా ఆ తీర్మానాన్ని నిర్వచనం పక్కన పెట్టి వరసగా చదవాలి.

మొదటిది, ఏం చేశారు. బయట పెట్టాలన్నారు. నిర్వచనంలో ఉన్న మాట అదే.

రెండోది, ఏ ఆధారం మీద. ఇక్కడ కాస్త నిలబడాలి. హత్య చేసినవాళ్లను అన్నారా? వాళ్లప్పటికే పోలీసుల చేతిలో ఉన్నారు. అడవి ఆక్రమించినవాళ్లను అన్నారా? అలా అని ఉంటే అది అటవీ చట్టం సంగతి, ఆక్రమించినవాళ్లు ఏ తెగవారైనా, ఏ కులంవారైనా అందరికీ వర్తించాలి. తీర్మానంలో ఉన్నది ఒక తెగ పేరు, వాళ్లు వచ్చిన రాష్ట్రం పేరు. ఆ రోజు పుట్టిన పసిపిల్ల కూడా ఆ పేరు కిందికి వస్తుంది. అదే పంచాయతీలో అదే పోడు కొట్టిన ఇంకో కుటుంబం ఆ పేరు కిందికి రాదు. చేసిన పనిని వదిలేసి పుట్టిన మూలాన్ని పట్టుకున్నప్పుడు అది తెగ మూలం ఆధారంగా చేసిన చర్యే అవుతుంది. పైగా పంపమన్నవాళ్లకూ పోవాల్సినవాళ్లకూ రక్తంలో తేడా చూపించమంటే ఎవరూ చూపించలేరు. జీవశాస్త్రానికి మించి ఈ నిర్వచనం ఎందుకు వెళ్లాల్సి వచ్చిందో చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ నాకు తెలియదు.

మూడోది, ఏ హక్కు పోతుంది. దేశంలో ఎక్కడికైనా వెళ్లే, ఎక్కడైనా నివసించే హక్కు. ఒడంబడిక అయిదో అధికరణం దాన్ని పేరుపెట్టి చెప్పింది, ఇంటి హక్కును కూడా విడిగా చెప్పింది. మన రాజ్యాంగంలో అది 19వ అధికరణం. ఛత్తీస్‌గఢ్ మనిషి భారత పౌరుడు, తెలంగాణలో ఉండటానికి వీసా అక్కరలేదు. మన సారపాకనే చూడండి. కాగితం మిల్లు వచ్చాక ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి ఇక్కడ ఇళ్లు కట్టుకున్నారు. కోస్తా నుంచి వచ్చారు, ఉత్తరాది నుంచి వచ్చారు. వాళ్లను మీ రాష్ట్రానికి పొండని ఏ గ్రామసభా అనలేదు.

నాలుగోది, ఎవరు చేశారు. పంచాయతీ చేసింది కదా, ప్రభుత్వం కాదు కదా అనొచ్చు. రెండో అధికరణం ఆ సందు మూసేసింది. జాతీయ స్థాయివైనా స్థానికమైనవైనా ప్రజాధికార సంస్థలన్నీ ఈ బాధ్యతకు కట్టుబడాలని అది రాసింది. గ్రామ పంచాయతీ స్థానిక ప్రజాధికార సంస్థే. అమలు కాకపోయినా తీర్మానం తప్పేనా అంటే, ఉద్దేశం గానీ ఫలితం గానీ అని నిర్వచనం అంటోంది. రెండూ ఉండాల్సిన పని లేదు.

ఇది తేలిక కేసు. కష్టమైనది ఇంకోటుంది, ఈ సాయంత్రం నేను ఎక్కువగా చెప్పదలచింది దాని గురించే.

మండలంలోని ఒక ప్రాథమిక పాఠశాలలో అడ్మిషన్ రిజిస్టరు చూశాను. ఒక వలస గూడెం పిల్లవాడి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అన్నీ పెన్నుతో రాసి ఉన్నాయి. కులం గడిలో పెన్సిలుతో ఎస్టీ అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. ఆ టీచరు పిల్లవాణ్ణి చేర్చుకుంది, పాఠం చెబుతోంది, ఆ గడి ఏం చేయాలో ఆమెకు తెలియదు. పదో తరగతి దాకా ఆ పెన్సిలు గీత సాగుతుంది. ఆ తర్వాత గురుకులంలో సీటుకో, కాలేజీ ఫీజుకో సర్టిఫికెట్ అడుగుతారు. రెవెన్యూ ఆఫీసులో మీరు ఈ రాష్ట్రం ఎస్టీలు కాదంటారు.

ఆ జవాబు ఎక్కణ్ణించి వచ్చింది? రాజ్యాంగం 342వ అధికరణం ప్రకారం షెడ్యూల్డు తెగల జాబితా రాష్ట్రానికో జాబితా. మురియా, కోయ పేర్లు ఛత్తీస్‌గఢ్ జాబితాలో గోండు పద్దు కింద ఉన్నాయి. తెలంగాణ జాబితాలో కోయ ఉంది, గుట్టకోయ కూడా ఉంది. కానీ వలస వచ్చినవాళ్లు ఆ పద్దు కిందికి రారని అధికారుల మాట. దీని మీద సుప్రీంకోర్టు 1990లో ఇచ్చిన తీర్పు ఒక తెలుగు విద్యార్థిదే, మర్రి చంద్రశేఖరరావు కేసు. తెనాలిలో పుట్టి, ఆంధ్రలో షెడ్యూల్డు తెగగా ఉన్న కుటుంబం నుంచి తండ్రి ఉద్యోగం వల్ల బొంబాయి వెళ్లాడు. అక్కడి మెడికల్ కాలేజీలో ఎస్టీ కోటా కింద సీటు అడిగాడు, ఇవ్వలేదు. వెనుకబాటు అన్నది ఆ రాష్ట్రపు పరిస్థితులను బట్టి నిర్ణయించిన విషయమని, ఒక రాష్ట్రపు హోదాను ఇంకో రాష్ట్రానికి మోసుకుపోలేరని కోర్టు చెప్పింది.

మరి సర్టిఫికెట్ ఇవ్వకపోవడం కూడా జాతి వివక్షేనా? బెండాలపాడు తీర్మానానికి చెప్పినంత సులువుగా దీనికి అవునని నేను చెప్పను. కారణాలున్నాయి. రిజర్వేషన్ల లాంటి ప్రత్యేక చర్యలను ఒడంబడిక తానే అనుమతించింది, వాటిని వివక్ష అనకూడదని మొదటి అధికరణం నాలుగో భాగంలో రాసింది. అవి ఎవరికి అవసరమో ఎంచుకునే అధికారం లేకపోతే ఆ చర్యలకు అర్థం లేదు. రెండోది, ఇక్కడి కోయల మాట వినాలి. ఏజెన్సీలో భూమి తక్కువ, సీట్లు తక్కువ, ఉన్నవాటి కోసం వాళ్లు తరాలుగా కొట్లాడారు, 1970 నాటి ఒకటో నంబరు భూబదలాయింపు చట్టం అమలు కోసం ఇప్పటికీ కొట్లాడుతున్నారు. నివాస స్వేచ్ఛ మీద కూడా షెడ్యూల్డు తెగల ప్రయోజనాల కోసం సహేతుకమైన ఆంక్షలు పెట్టవచ్చని 19వ అధికరణం అయిదో భాగం అంటుంది. మూడోది, 2021 ఫిబ్రవరిలో ఖతార్‌కూ యూఏఈకీ మధ్య కేసులో అంతర్జాతీయ న్యాయస్థానం ఇదే నిర్వచనానికి ఒక హద్దు గీసింది. ఖతార్ పౌరులను యూఏఈ వెళ్లిపొమ్మంది. అది జాతీయ మూలం ఆధారంగా వివక్ష అని ఖతార్ వాదించింది. ఇప్పుడున్న పౌరసత్వం వేరు, జాతీయ మూలం వేరు అని పదకొండు మంది న్యాయమూర్తులు, కాదని ఆరుగురు తేల్చారు. పౌరసత్వం మనిషి జీవితంలో మారగల చట్టపరమైన హోదా, మూలం పుట్టుకతో వచ్చేది, మారదు అన్నది వాళ్ల తర్కం. మన ప్రభుత్వం కూడా ఇలాగే అనగలదు: మేం చూసేది తెగను కాదు, రాష్ట్రాన్ని.

ఈ వాదనకు బలం ఉంది. కానీ అది ఎంతదాకా నడుస్తుందో చూడాలి. 2014లో పోలవరం కోసం బూర్గంపహాడ్ మండలంలోని కొన్ని గ్రామాలను ఆంధ్రలో కలిపినప్పుడు అక్కడి కోయలు కదలలేదు, హద్దు కదిలింది. రెండు జాబితాల్లోనూ పేరు ఉంది కాబట్టి వాళ్ల హోదా పోలేదు. బస్తరు నుంచి వచ్చినవాళ్లకు ఆ అదృష్టం లేదు. అటవీ హక్కుల చట్టం తీసుకోండి. 2005 డిసెంబరు 13కు ముందు నుంచి అడవిలో ఉన్న షెడ్యూల్డు తెగవారికి హక్కు ఉంది. షెడ్యూల్డు తెగ కాకపోతే ఆ తేదీకి ముందు మూడు తరాలు, అంటే డెబ్బై అయిదేళ్లు, అడవిని నమ్ముకుని బతికినట్టు చూపించాలి. 2005 జూన్ తర్వాత పారిపోయి వచ్చిన కుటుంబాల్లో ఎక్కువమంది మొదటి షరతు దగ్గరే ఆగిపోతారు. ఆ తేదీకి ముందే వచ్చినవాళ్లను కూడా ఈ రాష్ట్రం ఎస్టీ కాదు అన్న మాట రెండో షరతులోకి తోస్తుంది. తాత ముత్తాతల నుంచి అడవిలోనే పుట్టి పెరిగిన మనిషి, ఈ అడవిలో డెబ్బై అయిదేళ్ల రుజువు తెమ్మంటే ఎక్కణ్ణించి తెస్తాడు? చట్టంలో ఎక్కడా గుత్తికోయ అన్న పేరు లేదు. ఉద్దేశమూ లేదు. ఫలితం మాత్రం ఒక్క సమూహం మీదే పడుతోంది. నిర్వచనంలో ఫలితం అన్న మాట పెట్టింది ఇలాంటి చోట ప్రభుత్వాన్ని కారణం చెప్పమని అడగడానికే. కారణం సరైనదైతే నిలబడుతుంది. అడగకుండానే నిలబడకూడదు.

భూమి పట్టా మీద వాదోపవాదాలకు తావుంది. తాగునీటి బోరు మీద లేదు. అంగన్‌వాడీ మీద, టీకా మీద, బడి మీద లేదు. ఇవి ప్రత్యేక చర్యలు కావు, అందరికీ ఉన్నవి. ఇవి ఇవ్వడానికి ఎస్టీ సర్టిఫికెట్ అవసరమే లేదు. అయినా సర్టిఫికెట్ లేదన్న మాటే అడ్డం పెట్టి వీటిని కూడా ఆపేస్తుంటారు. గూడెం రిజర్వు ఫారెస్టులో ఉంది కాబట్టి బోరు వేయలేమంటారు. అది నిజంగా అడవి నిబంధనేనా, లేక మనుషులను బట్టి పెట్టిన నిబంధనా అని తెలుసుకోవడానికి ఒక దారి ఉంది. అదే రేంజిలో, అదే రకం భూమిలో ఉన్న ఇంకో గూడేనికి బోరు ఉందా అని చూడాలి. ఉంటే, దానికి అనుమతి ఎలా వచ్చిందో కాగితం తీయించాలి. ఈ రెండు గూడేలకూ తేడా ఏమిటో అధికారి రాతపూర్వకంగా చెప్పాలి. కూల్చివేతల్లోనూ అంతే. 2017 సెప్టెంబరులో తాడ్వాయి మండలం జలగలంచలో గుత్తికోయల గుడిసెలు కూల్చినప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న, ఆ రేంజిలో ఆ ఏడాది ఇంకెవరి ఆక్రమణలు తొలగించారు, వాళ్లకు ఎన్ని రోజుల నోటీసు ఇచ్చారు అన్నది. పోల్చి చూపించలేకపోతే వివక్ష కేసు కోర్టులో నిలవదు. ఎంత కన్నీటి కథ చెప్పినా నిలవదు.

ఒడంబడికకు ఉన్న హద్దులు కూడా చెప్పాలి, లేకపోతే మీకు లేని ఆశ పెట్టినట్టవుతుంది. పద్నాలుగో అధికరణం కింద వ్యక్తులు నేరుగా కమిటీకి ఫిర్యాదు చేసుకునే వీలుంది, కానీ ఆ వీలును ఒప్పుకునే ప్రకటన భారతదేశం చేయలేదు. అంతర్జాతీయ న్యాయస్థానానికి వివాదం వెళ్లే ఇరవై రెండో అధికరణం మీద కూడా మినహాయింపు పెట్టుకుంది. కాబట్టి ఎర్రబోడు మనిషి జెనీవాకు ఉత్తరం రాసినా కేసుగా నడవదు. అతని కోర్టు కొత్తగూడెంలోనో హైదరాబాదులోనో ఉంది. అక్కడ పిటిషను రాజ్యాంగం 14, 15, 19, 21 అధికరణాల మీదే నడవాలి. ఒడంబడికను ఆ అధికరణాల అర్థం చెప్పడానికి పక్కన పెట్టుకోవాలి. 15వ అధికరణంలో జాతి, కులంతో పాటు పుట్టిన చోటు కూడా ఉంది. ఈ కేసులకు ఆ చివరి మాట చాలా పనికొస్తుంది.

పిటిషను రాసేవాళ్లకు నా సలహా ఒకటుంది, వకీలు గారు ఉంటే ఒప్పుకునేవారో వాదించేవారో తెలియదు. ఎస్టీ హోదా కావాలన్న కోరికను మొదట పెట్టకండి. అది పెడితే 1990 తీర్పు అడ్డం వస్తుంది, ఇక్కడి కోయ సంఘాలు ఎదురు నిలబడతాయి, జాబితా మార్చే అధికారం పార్లమెంటుదని కోర్టు కేసు కట్టేస్తుంది. మొదట తీర్మానం రద్దు అడగండి. తర్వాత విడిగా నోటీసు ఇవ్వకుండా, విచారించకుండా ఏ ఇల్లూ కూల్చకూడదని అడగండి. ఆ తర్వాత బోరు, బడి, అంగన్‌వాడీ, రేషను ఒక్కోటీ గూడెం పేరుతో, పక్క గూడెంతో పోల్చి అడగండి. అటవీ హక్కుల చట్టంలోని తేదీ, డెబ్బై అయిదేళ్ల షరతు వలస ఆదివాసుల మీద ఎలా పడుతున్నాయన్నది నాలుగోదిగా, లెక్కలతో పెట్టండి. జాబితా సంగతి షెడ్యూల్డు తెగల జాతీయ కమిషన్ ముందు వేరే అర్జీగా నడపండి, ఇక్కడి కోయ పెద్దలతో ముందు కూర్చుని మాట్లాడి మరీ నడపండి. వాళ్లు ఒప్పుకోకుండా వచ్చే సర్టిఫికెట్ ఏజెన్సీలో ఎవరికీ మేలు చేయదు.